పాడ్‌కాస్ట్‌కు పేరూ రూపూ – 2వ పాఠం: గోరంత బొమ్మలో తెలుగు పేరు

పోయిన పాఠంలో మీ పాడ్‌కాస్ట్ ఎవరి కోసమో ఒక్క వాక్యంలో రాసుకొని, దాని కింద మూడు పేర్లు రాసి పెట్టుకోమన్నాను. ఆ మూడింట్లో ఏది ఉంచుకోవాలో చెప్పలేదు. కావాలనే ఆపాను. పేరు చెవికి బాగుంటే చాలదు, కవర్ బొమ్మ మీద కంటికి ఆనాలి. తెలుగు అక్షరానికి తలకట్టు, గుడి, కొమ్ము, కింద వత్తు ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ కవర్ల కోసం చెప్పే కొలతలు మనకు సరిపోవు. అందుకే ఈ పాఠంలో పేరునూ కవర్‌నూ కలిపి చూద్దాం. ఉదాహరణ మా ఇంట్లోదే.

నల్లగొండ జిల్లాలో కనగల్ దిక్కు మా వదినవాళ్లకు బత్తాయి తోట ఉంది. తోటకు నీళ్లు ఎప్పుడు ఆపాలి, పూత ఎందుకు రాలుతుంది, దళారి చెప్పిన ధరకు ఒప్పుకోవాలా వద్దా అని ఆమెకు రోజూ ఫోన్లు వస్తాయి. ఆ ముచ్చట్లనే పాడ్‌కాస్ట్ చేద్దామనుకుంది. ఆమె రాసుకున్న మూడు పేర్లు: ‘బత్తాయి రైతు ముచ్చట్లు’, ‘మన పంట’, ‘తోట కాడ’. మొదటిది ఆమెకు బాగా నచ్చింది. విషయమంతా అందులోనే ఉందంది. నిజమే, ఉంది.

ముందు ఒక కొలత మనసులో పెట్టుకోండి. కవర్ బొమ్మ చదరంగా ఉండాలి. ఆపిల్ పాడ్‌కాస్ట్స్ కనీసం 1400 × 1400, గరిష్ఠంగా 3000 × 3000 పిక్సెళ్లు అడుగుతుంది. ఫైలు జేపెగ్ గానీ పీఎన్‌జీ గానీ కావాలి, రంగులు తెరల కోసం వాడే ఆర్‌జీబీ పద్ధతిలో ఉండాలి. మనం 3000తో చేస్తాం. అంత పెద్ద బొమ్మ వినేవాళ్ల ఫోన్లో, వెతికినప్పుడు వచ్చే వరసలో, దాదాపు ఒక సెంటీమీటరు వెడల్పున కనిపిస్తుంది. తపాలా బిళ్ల కన్నా చిన్నది. అంటే కంప్యూటర్ తెర మీద మీరు గీసే 300 పిక్సెళ్లు అక్కడ ఒక్క మిల్లీమీటరు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే కవర్ పనిలో సగం తప్పులు ముందే పట్టుకోవచ్చు.

ఇప్పుడు ‘బత్తాయి రైతు ముచ్చట్లు’ పెట్టి చూద్దాం. మూడు మాటలు మూడు వరసల్లో వస్తాయి. బొమ్మ అంచుల దాకా రాయకూడదు. చాలా యాప్‌లు మూలలను గుండ్రంగా కోస్తాయి, వాట్సాప్‌లో డీపీగా పెడితే పూర్తిగా గుండ్రంగానే కోస్తుంది. 3000 చదరంలో పట్టే అతి పెద్ద గుండ్రం లోపల మిగిలే చదరం దాదాపు 2100 పిక్సెళ్లు. పేరంతా అందులోనే ఉండాలి. మూడు వరసలకు పంచితే ఒక్కో వరసకు 700. అయితే ఆ 700 అంతా అక్షరానికి దక్కదు. ‘బత్తాయి’లో త్త కిందికి దిగుతుంది. దాని కింది వరసలో ‘రైతు’లోని రై పైన ఎత్వంతో, కింద ఐత్వం ముక్కతో రెండు వైపులా చోటు అడుగుతుంది. మూడో వరసలో చ్చ, ట్లు రెండూ కిందికి వేలాడతాయి. పై వరస వత్తు కింది వరస తలను తాకకుండా ఎడం ఇస్తే, అసలు అక్షరానికి మిగిలేది 300 పిక్సెళ్లు. ఫోన్లో ఒక మిల్లీమీటరు. వత్తు అందులో సగం. అర మిల్లీమీటరు వత్తును ఎండలో, చేతి దూరంలో ఫోన్ పట్టుకున్న రైతు చదవలేడు. చదవాల్సింది మాత్రం ఆయనే.

వదిన ఆ పేరు వదలడానికి ఒప్పుకోలేదు. కాగితం మీద నచ్చజెప్పడం మానేసి ఫోన్లో చూపించాను. మీరు కూడా అలాగే చేయండి. ఇంట్లోవాళ్లు ఇద్దరితో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి, కవర్‌ను దానికి డీపీగా పెట్టండి. గ్రూపు పేరు దగ్గర మాత్రం ఒక చుక్క పెట్టి వదిలేయండి, లేకపోతే పక్కన రాసిన పేరు చూసి చదివేస్తారు. తర్వాత చాట్ల వరసలో ఆ బొమ్మ చూపించి, ‘ఇక్కడ ఏం రాసి ఉంది’ అని అడగండి. కళ్లద్దాలు లేకుండా చదివేవాళ్లను అడగండి. ముచ్చట్లు మా వదినకే కనిపించలేదు. ‘బత్త... రైతు... కింద ఏదో ఉంది’ అంది.

రెండో పేరు ‘మన పంట’ చూడండి. చిన్నది, ఒక్క వత్తు లేదు, పెద్దగా రాయొచ్చు. ఇదే కుదిరిందనుకున్నాం. డీపీ మార్చి ఫోన్ మా నాయన చేతికి ఇచ్చాం. ఆయన ఫోన్ కొంచెం దూరం పెట్టి చూసి, ‘మన వంటనా? వంటలు చేసి చూపిస్తవా బిడ్డా?’ అన్నాడు.

ప, వ రెండింటికీ ఒళ్లు ఒకటే. వ లో తలకట్టు ఒంటికి అతుక్కొని ఉంటుంది, ప లో విడిగా నిలబడుతుంది. ఆ సందు పూడితే ప కాస్తా వ అవుతుంది. మేం వాడింది లావు ఫాంటు, చిన్నగా కాగానే సందు పూడిపోయింది. ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటి ఉంది. పోలికలున్న అక్షరాలు ఉండటం ఒక్కటే ప్రమాదం కాదు, తప్పు చదివినా అర్థం ఉన్న మాటే రావడం అసలు ప్రమాదం. ‘తోట’లో ఓత్వం కొస కనిపించకపోయినా ఎవరూ ‘తొట’ అని చదవరు, ఆ మాటే లేదు కాబట్టి మనసు సరిచేసుకుంటుంది. పంట, వంట రెండూ రోజూ వాడే మాటలే కాబట్టి మనసు సరిచేయదు, వంటల పాడ్‌కాస్ట్ అనుకొని ముందుకు పోతుంది. మీ పేర్లలో ప, వ, ష, మ ఉంటే ఒకదాని బదులు ఇంకొకటి పెట్టి చదివి చూడండి. ప–ఫ, ద–ధ జతలను కూడా అలాగే చూడండి. వేరే మాట పుడితే ఆ పేరు పక్కన పెట్టండి.

మిగిలింది ‘తోట కాడ’. నాలుగే అక్షరాలు, వత్తులు లేవు, కిందికి ఏదీ దిగదు. పై వరసలో తోట, కింది వరసలో కాడ. వరసలను దగ్గరగా జరిపినా ఒకదానికొకటి తగలవు కాబట్టి అక్షరం ఎత్తు 600 పిక్సెళ్లకు వచ్చింది, అంటే ఫోన్లో రెండు మిల్లీమీటర్లు. మొదటి పేరుకు రెట్టింపు. నాయన ఈసారి వెంటనే చదివాడు. ఈ పేరులో ఒక లోపం ఉంది, చెప్పాలి: కలిపి రాస్తే తోటకూర కాడ గుర్తొస్తుంది. అందుకే రెండు వరసలుగానే ఉంచాం, యాప్‌లో టైప్ చేసేటప్పుడు కూడా మధ్యలో ఖాళీ వదులుతున్నాం. బత్తాయి అన్న మాట పేరులో లేదని వదినకు ఇంకా కొంచెం బాధే. ఆ పని పరిచయ వాక్యం చేస్తుంది.

ఫాంటు సంగతి. లావుగా ఉంటే బాగా కనిపిస్తుందని అందరూ అనుకుంటారు. గూగుల్ ఫాంట్లలో రామభద్ర అలాంటి బరువైన ఫాంటే, గోడ మీద బ్యానర్‌కు చక్కగా ఉంటుంది. గోరంత బొమ్మలో మాత్రం ట, డ లోపలి ఖాళీలు మూసుకుపోయి నల్లటి ముద్దలు మిగిలాయి. మేం నోటో సాన్స్ తెలుగులో బోల్డ్ కన్నా ఒక మెట్టు తక్కువ మందం తీసుకున్నాం. ఇక్కడ పనికొచ్చే గుర్తు ఒకటుంది: అక్షరం లోపలి అతి ఇరుకైన ఖాళీ, గీత మందం కన్నా సన్నగా ఉండకూడదు. అక్షరాల చుట్టూ తెల్ల అంచు, దాని చుట్టూ నల్ల అంచు, వెనక నీడ పెట్టొద్దు. అవన్నీ ముందు పూడ్చేది తలకట్టు సందునే.

మొదటి కవర్ మేం ఊళ్లో ఒక ఫ్లెక్సీ షాపులో చేయించాం. వెనక తోట ఫొటో, దాని మీద పసుపు అక్షరాలు. ఆకుల మధ్య వెలుగు పడ్డ చోటల్లా అక్షరం మాయమైంది. పైగా ఫైలు అచ్చు కోసం చేసే సీఎంవైకేలో ఇచ్చారు, ఆర్‌జీబీలోకి మార్చేసరికి రంగులు మారిపోయాయి. ఫొటో తీసేసి ముదురు ఆకుపచ్చ ఒక్కటే పరిచి, మీద లేత పసుపు అక్షరాలు పెట్టాం. కింద ఒక మూల గుండ్రటి బత్తాయి, ఒక ఆకు. కోసిన బత్తాయి తొనలు గీస్తే అందంగా ఉండేది, కానీ చిన్నగా చేస్తే తొనల గీతలు కలిసిపోతాయి. మైకు బొమ్మ, హెడ్‌ఫోన్ల బొమ్మ వద్దు. పాడ్‌కాస్ట్ యాప్‌లో ఉన్నవాళ్లకు ఇది పాడ్‌కాస్ట్ అని చెప్పే పని లేదు. రంగులు కుదిరాయో లేదో తెలియాలంటే బొమ్మను బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. అక్షరం, వెనక రంగు ఒకే బూడిద రంగులోకి వస్తే ఆ జత పనికిరాదు.

ఇంట్లో కంప్యూటర్ మీద మీరే చేసుకుంటే ఇంక్‌స్కేప్ ఉచితంగా దొరుకుతుంది, ఫోన్లూ వెబ్‌సైట్లూ వాడే యూనికోడ్ తెలుగును సరిగ్గా చూపిస్తుంది. పాత ఫోటోషాప్‌లో వత్తులు విడిపోయి పక్కకు జరిగితే ఫాంటు తప్పు కాదు. Preferences లోని Type లో World-Ready Layout ఎంచుకొని, ప్రోగ్రామ్ మూసి తెరవండి. డీటీపీ షాపుల్లో ఎక్కువగా వాడే అను ఫాంట్లతో బొమ్మ చేయించినా ఇబ్బంది లేదు, అది బొమ్మే కదా. కానీ అందులో టైప్ చేసిన పేరును కాపీ చేసి పాడ్‌కాస్ట్ పేరు గడిలో అతికిస్తే అర్థం లేని ఇంగ్లిష్ గుర్తులు వస్తాయి, అది యూనికోడ్ కాదు కాబట్టి. పేరును ఫోన్ కీబోర్డుతో మళ్లీ టైప్ చేయండి.

వెతికేవాళ్లు తెలుగులోనే టైప్ చేస్తారన్న నమ్మకం లేదు. thota kada అని ఒకరు, thota kaada అని ఇంకొకరు కొడతారు. ఈ రెండింటినీ పరిచయంలో సహజంగా ఒక వాక్యంలో కలపండి. పేరు గడిలో మాత్రం ‘తోట కాడ’ తప్ప ఇంకేమీ వద్దు. బత్తాయి, రైతు, నల్లగొండ, వ్యవసాయం అని పేరు వెనక తోక కట్టినవాటిని ఆపిల్ తీసేయవచ్చు.

కవర్ తర్వాత మార్చాల్సి వస్తే పాత ఫైలు పేరుతోనే కొత్త బొమ్మ ఎక్కించొద్దు. యాప్‌లు పాత బొమ్మను దాచుకొని అదే చూపిస్తుంటాయి. ఫైలు పేరు మార్చండి. యాప్‌లు మీ పాడ్‌కాస్ట్ వివరాలు చదువుకునే ఫైలును ఫీడ్ అంటారు. అది మీరే రాసుకుంటుంటే ఆ వరస ఇలా ఉంటుంది:

```
<itunes:image href="https://example.com/thotakada-2.jpg"/>
```

వచ్చే పాఠం దాకా మీ పని: మూడు పేర్లకూ ఒకే ఫాంటులో, ఒకే రెండు రంగుల్లో, బొమ్మ ఏదీ లేకుండా మూడు కవర్లు చేయండి. ఒక్కోదాన్ని వాట్సాప్ గ్రూపుకు డీపీగా పెట్టి, మీ పాడ్‌కాస్ట్ ఎవరి కోసమో అలాంటివాళ్లను ఐదుగురిని అడగండి. వాళ్లు ఏం చదివారో ఉన్నది ఉన్నట్టు రాసుకోండి, తప్పు చదివింది కూడా. ఐదుగురూ సరిగ్గా చదివిన పేరు పట్టుకొని రండి. వచ్చే పాఠంలో ఆ పేరును మొదటి 30 సెకన్లలో ఎక్కడ, ఎన్నిసార్లు పలకాలో చూద్దాం. వదిన రికార్డు చేసిన మొదటి ఎపిసోడ్ మొదలును అందుకు వాడుకుందాం. అందులో పేరు రెండు నిమిషాల తర్వాత గానీ రాలేదు.