మొదటి ఏడాదిలో అకడమిక్ ప్రొబేషన్: రికవరీ ప్లాన్ ఫారం నింపే పద్ధతి

మొదటి సెమిస్టర్ గ్రేడ్లు వచ్చిన కొద్ది రోజులకే కాలేజీ ఈమెయిల్‌కి ఒక లేఖ వస్తుంది. "మిమ్మల్ని అకడమిక్ ప్రొబేషన్‌లో ఉంచాం" అనే వాక్యంతో మొదలవుతుంది. చాలామంది అక్కడే చదవడం ఆపేస్తారు. సీటు పోయినట్టేనని, ఇంట్లో ఎలా చెప్పాలని టెన్షన్ పడుతూ మెయిల్ మూసేస్తారు. కానీ చేయాల్సిన పనంతా ఆ వాక్యం కిందే రాసి ఉంటుంది. ఎవరిని కలవాలి, ఏ తేదీలోపు ఏ ఫారం ఇవ్వాలి, వచ్చే సెమిస్టర్ రిజిస్ట్రేషన్ ఎందుకు ఆగింది అనేవి అందులోనే ఉంటాయి. ముందు లేఖ చివరిదాకా చదివి, అందులో ఉన్న తేదీలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి.

ప్రొబేషన్ అంటే సస్పెన్షన్ కాదు. మీరు ఇంకా విద్యార్థే, తరగతులకు వెళ్లవచ్చు. కాలేజీ మీకు గడువు పెట్టి, సాధారణంగా ఒక సెమిస్టర్ ఇచ్చి, ఆలోగా గ్రేడ్లు ఒక గీత దాటాలని అడుగుతోంది. ఆ గీత ఎలా దాటుతారో రాసి ఇచ్చే కాగితమే రికవరీ ప్లాన్. కొన్ని చోట్ల దీన్ని సక్సెస్ ప్లాన్ అని, అకడమిక్ కాంట్రాక్ట్ అని కూడా అంటారు.

ప్రొబేషన్ ఎందుకు పడుతుంది

4 పాయింట్ల స్కేలు వాడే కాలేజీల్లో మొత్తం జీపీఏ 2.0 కంటే తగ్గితే ప్రొబేషన్ పడడం మామూలు. కొన్ని చోట్ల మొదటి ఏడాది వాళ్లకి ఈ గీత కొంచెం కిందికి ఉంటుంది. ఇంకొన్ని చోట్ల మొత్తం జీపీఏ బాగానే ఉన్నా ఒక్క సెమిస్టర్ జీపీఏ పడిపోతే చాలు. అందుకే లేఖలో మీ మీద ఏ నియమం వర్తించిందో చూడాలి. గట్టెక్కే దారి దాన్ని బట్టే ఉంటుంది.

మొదటి ఏడాదిలోనే ఇది ఎక్కువమందికి తగలడానికి లెక్కలో ఒక కారణం ఉంది. మూడో ఏడాది విద్యార్థి ఒక సబ్జెక్టు తప్పినా, అప్పటికే పోగైన క్రెడిట్లు అతని జీపీఏని పట్టుకుని ఉంచుతాయి. మొదటి సెమిస్టర్‌లో వెనక ఏమీ ఉండదు. ఒకే ఒక్క ఎఫ్ మొత్తం జీపీఏని కిందికి లాగేస్తుంది. ఇదే విషయం మీకు అనుకూలంగా కూడా పనిచేస్తుంది: క్రెడిట్లు తక్కువగా ఉన్నప్పుడు పైకి రావడం కూడా త్వరగానే జరుగుతుంది.

ముందు లోటు ఎంతో లెక్క కట్టండి

అడ్వైజర్ దగ్గరికి వెళ్లేముందు ఈ లెక్క మీ చేతిలో ఉండాలి. ఒక అమ్మాయి మొదటి సెమిస్టర్‌ని తీసుకుందాం. ఆమె 15 క్రెడిట్లు తీసుకుంది. గణితం 4 క్రెడిట్లు, వచ్చింది డి. కెమిస్ట్రీ 4 క్రెడిట్లు, ఎఫ్. ఇంగ్లిష్ 3 క్రెడిట్లు, బి. కంప్యూటర్ పరిచయం 3 క్రెడిట్లు, సి. ఒక క్రెడిట్ సెమినార్‌లో ఏ.

ఏ అంటే 4, బి అంటే 3, సి అంటే 2, డి అంటే 1, ఎఫ్ అంటే సున్నా. ప్రతి గ్రేడ్‌నీ దాని క్రెడిట్లతో గుణిస్తే గణితానికి 4, కెమిస్ట్రీకి 0, ఇంగ్లిష్‌కి 9, కంప్యూటర్‌కి 6, సెమినార్‌కి 4 వచ్చాయి. మొత్తం 23 పాయింట్లు. 23ని 15తో భాగిస్తే 1.53. 2.0 రావాలంటే 15 క్రెడిట్లకి 30 పాయింట్లు కావాలి. అంటే ఆమె లోటు 7 పాయింట్లు. "జీపీఏ 1.53" అని విన్నప్పుడు గుండె జారుతుంది. "7 పాయింట్లు తక్కువ" అన్నప్పుడు అది పూడ్చగలిగిన గుంటలా కనిపిస్తుంది.

ఇక్కడ అడ్వైజర్‌ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: తప్పిన సబ్జెక్టు మళ్లీ చదివితే పాత గ్రేడ్ తీసేసి కొత్తది వేస్తారా, లేక రెండూ కలిపి లెక్కిస్తారా? మొత్తం ప్లాన్ ఈ జవాబు మీదే ఆధారపడుతుంది.

ఆ అమ్మాయి రెండో సెమిస్టర్‌లో 13 క్రెడిట్లు తీసుకుంటుందనుకుందాం. అందులో 4 కెమిస్ట్రీయే. అన్నిట్లో సగటున సి వచ్చిందంటే 26 పాయింట్లు. పాత ఎఫ్‌ని తీసేసే కాలేజీలో మొదటి సెమిస్టర్ నుంచి 11 క్రెడిట్లే లెక్కలోకి వస్తాయి. మొత్తం 24 క్రెడిట్లకి 49 పాయింట్లు, జీపీఏ 2.04. ప్రొబేషన్ తొలగిపోతుంది. రెండూ కలిపే కాలేజీలో అవే గ్రేడ్లకి 28 క్రెడిట్లు, 49 పాయింట్లు, జీపీఏ 1.75. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంటుంది. ఈ రెండో చోట 2.0 అందుకోవాలంటే ఆ 13 క్రెడిట్లలో 33 పాయింట్లు తెచ్చుకోవాలి, అంటే సగటు 2.54. అన్నిట్లో సి సరిపోదు, వచ్చేవి బిలు, సిలు మాత్రమే అయితే కనీసం 7 క్రెడిట్లలో బి రావాలి.

ఒకే కష్టానికి రెండు చోట్ల రెండు ఫలితాలు. ఈ తేడా తెలియకుండా ఫారం నింపిన పిల్లలు సెమిస్టర్ చివర "అన్నీ పాసయ్యాను కదా, ఇంకా ప్రొబేషన్ ఏమిటి" అని అడుగుతుంటే చూడడం కష్టంగా ఉంటుంది. తప్పు వాళ్లది కాదు, ఎవరూ ముందే లెక్క వేసి చూపించలేదు.

గణితంలో వచ్చిన డి సంగతి? దాన్ని కూడా మళ్లీ చదవాలని చాలామందికి అనిపిస్తుంది. పాత గ్రేడ్ తీసేసే చోట ఎఫ్‌ని సిగా మారిస్తే నాలుగు క్రెడిట్ల మీద 8 పాయింట్లు కలుస్తాయి, డిని సిగా మారిస్తే నాలుగే. అందుకని ముందు ఎఫ్. తర్వాతి గణితం కోర్సులో చేరడానికి సి తప్పనిసరి అయితే మాత్రం డిని కూడా ప్లాన్‌లో పెట్టాలి. అయినా రెండు బరువైన సబ్జెక్టులూ ఒకే సెమిస్టర్‌లో మళ్లీ తీసుకోవద్దని నేనంటాను. మొదటిసారి ఆ రెండూ కలిసే కదా మునిగేలా చేశాయి.

ఫారం నింపే క్రమం

మొదట రిజిస్ట్రేషన్ హోల్డ్ సంగతి చూడండి. ప్రొబేషన్ పడ్డవాళ్ల ఖాతా మీద హోల్డ్ పెట్టడం మామూలే. అడ్వైజర్‌ని కలిసి ప్లాన్ మీద సంతకం అయ్యేవరకు అది పోదు. ఆలోపు మిగతావాళ్లు కోర్సులు తీసేసుకుంటారు, మీకు కావాల్సిన కెమిస్ట్రీ సెక్షన్ నిండిపోతుంది. కాబట్టి లేఖ వచ్చిన రోజే అపాయింట్‌మెంట్ తీసుకోవడం మంచిది.

అడ్వైజర్‌ని కలిసేముందు సాధారణంగా స్వీయ పరిశీలన భాగం ఒకటి నింపమంటారు. గ్రేడ్లు ఎందుకు పడిపోయాయో మీ మాటల్లో రాయాలి. "సరిగ్గా చదవలేదు, ఇకనుంచి బాగా కష్టపడతాను" అని రాస్తే దాన్నుంచి అడ్వైజర్ ఏమీ చేయలేరు. ఆ అమ్మాయి రాసింది ఇలా ఉంటే పని జరుగుతుంది: "కెమిస్ట్రీ మొదటి పరీక్షలో సగం మార్కులు కూడా రాలేదు. తర్వాత సర్దుకుంటుందనుకున్నాను. కోర్సు వదులుకునే గడువు దాటిపోయింది. ల్యాబ్ రిపోర్టులు మూడు ఇవ్వలేదు. ప్రొఫెసర్ ఆఫీసు వేళల్లో ఒక్కసారి కూడా వెళ్లలేదు." ఇందులో ప్రతి వాక్యానికీ ప్లాన్‌లో ఒక జవాబు ఇవ్వవచ్చు. ఆరోగ్యం బాగాలేకపోయినా, నిద్ర పట్టకపోయినా, ఇంట్లో ఏదైనా జరిగినా, గంటలు ఎక్కువున్న ఉద్యోగం చేస్తున్నా అది కూడా రాయండి. అది సాకు కిందికి రాదు. కౌన్సెలింగ్‌కి గానీ, వైకల్య సేవల విభాగానికి గానీ మిమ్మల్ని పంపాలంటే అడ్వైజర్‌కి ఆ సంగతి తెలియాలి.

తర్వాతది కోర్సుల భాగం. ఏ కోర్సు, ఎన్ని క్రెడిట్లు, ఎంత గ్రేడ్ లక్ష్యం అని రాస్తారు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకి క్రెడిట్ల పరిమితి పెట్టడం సాధారణం, 12 లేదా 13 దగ్గర ఆపుతారు. మరీ తగ్గించుకుంటే పూర్తికాల విద్యార్థి హోదా పోవచ్చు, దాంతో స్కాలర్‌షిప్‌కీ వీసాకీ ముడి ఉంటుంది. పాస్ లేదా ఫెయిల్ అని మాత్రమే ఇచ్చే కోర్సులు క్రెడిట్లు ఇస్తాయి కానీ జీపీఏని పెంచవు, ప్లాన్‌లో వాటి మీద ఆధారపడకండి. వేసవిలో వేరే కాలేజీలో అదే కోర్సు చేసి గట్టెక్కుదాం అనుకుంటే ముందే అడగండి. చాలా చోట్ల బయటి కాలేజీ నుంచి క్రెడిట్లు వస్తాయి తప్ప గ్రేడ్ రాదు, పాత ఎఫ్ అలాగే ఉండిపోతుంది.

చివరిది వారం వారం చేసే పనుల భాగం. ట్యూటరింగ్, చదువు నైపుణ్యాల వర్క్‌షాప్, అడ్వైజర్‌ని రెండు మూడు వారాలకోసారి కలవడం, సెమిస్టర్ మధ్యలో ప్రొఫెసర్ల సంతకాలతో ప్రోగ్రెస్ రిపోర్ట్ లాంటివి ఇందులో ఉంటాయి. ఇక్కడ కూడా రోజు, వేళ రాయాలి. "ల్యాబ్ ఉన్న మంగళవారం సాయంత్రమే రిపోర్ట్ మొదలుపెడతాను, గురువారం ట్యూటర్‌కి చూపిస్తాను, శుక్రవారం ఇస్తాను" అని రాస్తే మూడో వారంలోనే ప్లాన్ నడుస్తోందో లేదో తెలిసిపోతుంది. సంతకాలయ్యాక ఒక కాపీ తప్పకుండా మీ దగ్గర ఉంచుకోండి.

సెమిస్టర్ మధ్యలో

ప్లాన్లు ఎక్కువగా తప్పేది ఐదో వారం నుంచి ఎనిమిదో వారం మధ్యలో, మొదటి పరీక్షల మార్కులు వచ్చాక. మార్కులు బాగోలేనివాళ్లు సరిగ్గా అప్పుడే అడ్వైజర్‌ని కలవడం మానేస్తారు. సిగ్గుపడతారు. కానీ ఆ వారాల్లో ఇంకా దారులు తెరిచే ఉంటాయి. కోర్సు వదులుకునే ఆఖరి తేదీ సాధారణంగా ఆ తర్వాతే వస్తుంది. గడువులోపు వదిలితే డబ్ల్యూ అని పడుతుంది, అది జీపీఏలో లెక్కకు రాదు.

కానీ డబ్ల్యూ ఊరికే రాదు. స్కాలర్‌షిప్, ఆర్థిక సాయం ఇచ్చే ఆఫీసు ప్రొబేషన్‌తో సంబంధం లేకుండా తన లెక్క తాను చూసుకుంటుంది. మొదలుపెట్టిన క్రెడిట్లలో ఎన్ని పూర్తి చేశారన్నది అందులో ఒకటి, మూడింట రెండు వంతుల దగ్గర గీత పెట్టడం తరచుగా కనిపిస్తుంది. మన అమ్మాయి మొదటి సెమిస్టర్‌లో 15కి 11 పూర్తి చేసింది. రెండో సెమిస్టర్ 13లో కెమిస్ట్రీ ఒక్కటి వదిలి మిగతావి పాసైతే 28కి 20, అంటే 71 శాతం, పరవాలేదు. ఇంకో 4 క్రెడిట్ల కోర్సు కూడా వదిలేస్తే 28కి 16, అంటే 57 శాతం. జీపీఏ బాగుపడుతుంది, సాయం ఆగిపోతుంది. కోర్సు వదిలేముందు రెండు ఆఫీసుల్లోనూ అడగమనేది ఇందుకే.

సెమిస్టర్ ముగిశాక

మొత్తం జీపీఏ గీత దాటితే ప్రొబేషన్ ఎత్తేస్తారు. దాటకపోయినా, ప్లాన్‌లో రాసిన సెమిస్టర్ జీపీఏ సాధించినవాళ్లకి చాలా కాలేజీలు ప్రొబేషన్ ఇంకో సెమిస్టర్ పొడిగిస్తాయి. పైన 1.75 దగ్గర ఆగిన లెక్కకి ఈ దారి ఉంది. ఆ సెమిస్టర్‌కి మాత్రం ఆమెకి 2.0 వచ్చింది కదా. ప్లాన్ మీద సంతకం పెట్టేముందే "ఈ సెమిస్టర్‌కి ఎంత జీపీఏ వస్తే కొనసాగనిస్తారు" అని అడిగి, ఆ అంకె ఫారం మీదే రాయించుకోండి.

రెండూ కుదరకపోతే సస్పెన్షన్ లేఖ వస్తుంది, దానిమీద అప్పీల్ చేసుకోవచ్చు. అప్పీల్ గడువు చాలా తక్కువగా, కొన్నిచోట్ల రోజుల్లోనే ఉంటుంది. కమిటీకి ఇచ్చే లేఖలో ఏం జరిగింది, ఇప్పుడు ఏం మారింది, వచ్చే సెమిస్టర్ ప్లాన్ ఏమిటి అనే మూడూ ఉండాలి. ఆసుపత్రి కాగితాల్లాంటి ఆధారాలు జతచేయాలి. ట్యూటరింగ్‌కి వెళ్లిన తేదీలు, అడ్వైజర్‌ని కలిసిన రోజులు, ప్రోగ్రెస్ రిపోర్టులు అప్పటిదాకా దాచి ఉంచితే, ఆ లేఖకి జతచేయడానికి అవే పనికొస్తాయి.