ప్రసంగాన్ని వాక్యంతో సరిచూడడం – 4వ పాఠం: ఉత్తరంలోంచి తీసిన వచనం

పోయినసారి కీర్తనలు చూశాం. ఈసారి ఉత్తరం. ఉత్తరానికి రాసినవాళ్లు, అందుకున్నవాళ్లు, రాయాల్సి వచ్చిన కారణం ఉంటాయి. మధ్యలోంచి ఒక్క వాక్యం తీసుకుంటే ఈ మూడూ జారిపోతాయి.

డిసెంబరు 31 రాత్రి సికింద్రాబాద్‌లో మేం వెళ్లే సంఘంలో ఆరాధన అయ్యాక పళ్లెంలో వాగ్దానం కార్డులు పెడతారు. మొన్న నా చేతికి వచ్చినది యిర్మీయా 29:11. దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే కానీ హానికరమైనవి కావనే వచనం. ప్రసంగం కూడా దాని మీదే. నోట్‌బుక్‌లో నేను రాసుకున్నవి రెండు మాటలు: దేవుడు నీ ఒక్కరి కోసం ఒక ప్లాన్ వేశాడు. అది ఈ సంవత్సరమే నెరవేరుతుంది, ఆగిపోయిన వీసా, ఉద్యోగం, పెళ్లి అన్నీ కదులుతాయి. నా పక్కన కూర్చున్న అమ్మాయి అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటూ రెండేళ్లుగా ఉద్యోగం కోసం తిరుగుతోంది. ఆ మాట వినగానే కళ్లు తుడుచుకుంది. అందుకే ఇంటికొచ్చి ఈ రెండు మాటలనూ సరిచూశాను.

ముందుగా 29వ అధ్యాయం మొదటి వచనానికి వెళ్లండి. ఉత్తరం ఎవరికో అక్కడే ఉంది. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజును, అధికారులను, కంసాలులను బబులోనుకు చెరగా తీసుకెళ్లాడు. వాళ్లకు యిర్మీయా యెరూషలేములో ఉండి రాసిన ఉత్తరం ఇది. అంటే 11వ వచనంలోని 'మిమ్మును' ఒక జనసమూహం. ఇక్కడ తెలుగువాళ్లం ఒక చోట పొరబడతాం. మనం రోజూ మర్యాద కోసం ఒక్కరిని కూడా మీరు అంటాం కాబట్టి ఆ మాట మనకే చెప్పినట్టు వినిపిస్తుంది. మన పాత అనువాదంలో దేవుడు ఒక్కరితో మాట్లాడితే 'నీవు' అంటాడు, 'మీరు' అంటే చాలామంది. ఇంకే వచనంలోనైనా సందేహం వస్తే ముందు ఇది చూడండి.

ఇప్పుడు కాలం సంగతి. కార్డు మీద లేని 10వ వచనం చదవండి. బబులోనుకు 70 సంవత్సరాలు గడిచాకే మిమ్మల్ని వెనక్కి రప్పిస్తానని ఉంది. ఆ లెక్క బబులోను పాలనకు సంబంధించింది. బబులోను పారసీక రాజు కోరెషు చేతికి చిక్కింది క్రీ.పూ. 539లో. 597లో నలభై ఏళ్ల వయసున్న మనిషికి అప్పటికి దాదాపు వంద. ఉత్తరం విన్న పెద్దవాళ్లలో ఎక్కువమంది ఆ నెరవేర్పు చూడకుండానే పోయి ఉంటారు. అందుకే 5, 6 వచనాల్లో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి అన్నాడు.

త్వరలోనే అయిపోతుందన్నవాళ్లు కూడా అప్పుడు ఉన్నారు. ఒక్క పేజీ వెనక్కి తిప్పితే 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త కనిపిస్తాడు. బబులోనుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని విరిచి, రెండేళ్లలో అందరూ తిరిగి వస్తారన్నాడు. అది అబద్ధమని యిర్మీయా అతని ముఖం మీదే చెప్పాడు. ఉత్తరంలోని 8, 9 వచనాలు కూడా బబులోనులోనే ఉంటూ జనాన్ని మోసం చేసే ప్రవక్తల గురించే. ఈ సంవత్సరమే జరుగుతుందని 11వ వచనం చూపించి చెప్పడమంటే హనన్యా మాటను యిర్మీయా నోట పెట్టడమే. నాకు బాధగా అనిపించింది ఇక్కడే.

భాషలో ఇంకొకటి ఉంది. 7వ వచనంలో మీరు చెరగా ఉన్న పట్టణం 'క్షేమము' కోరండి అని ఉంది, 11లో 'సమాధానకరమైన' అని ఉంది. హెబ్రీలో రెండు చోట్లా ఒకటే మాట, షాలోం. తెలుగులో మాట మారిపోవడంతో ఆ ముడి కనిపించదు. దేవుడు వాళ్లకు ఉద్దేశించిన క్షేమం శత్రువుల ఊరి క్షేమంతో కలిసి ఉంది.

ఇంత చూశాక ఈ వచనం మనకు సంబంధం లేనిదని కొట్టిపారేయడం కూడా తప్పే. శిక్షలో ఉన్న తన ప్రజలను దేవుడు వదిలేయడన్నది ఇక్కడ స్పష్టంగా ఉంది, దాన్ని ప్రసంగించవచ్చు. తారీఖు, వీసా మాత్రం ఇందులోంచి రావు. ఆ అమ్మాయికి తర్వాతి ఆదివారం నేను 4 నుంచి 14 వరకు చదివి వినిపించాను. "అయితే అక్కా, వాళ్లు అక్కడే బతుకుతూ ఎదురుచూశారన్నమాట" అంది.

వచ్చే పాఠంలోపు ఫిలిప్పీయులకు 4:13 తీసుకోండి. పరీక్షల ముందు అందరూ చెప్పే వచనం అది. 10వ వచనం నుంచి చదివి, పౌలు 'సమస్తము' అన్న మాటలో ఏమేం ఉన్నాయో, అప్పుడు అతను ఎక్కడ ఉన్నాడో (1:13 చూడండి) రాసుకుని పెట్టుకోండి.