కీమో సాగుతున్న ఇంటికి ఏ పుస్తకం పనికొస్తుంది? ముందు జ్వరం పేజీ తెరవండి

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తెలియగానే చుట్టాలు పుస్తకాలు పట్టుకొస్తారు. మా అక్కకి కీమో మొదలైన నెలలో పదకొండు వచ్చాయి. వాటిలో తొమ్మిదింటిని నేను అటకెక్కించాను. ఇంతకు ముందు ఇద్దరి దగ్గర ఉండి చూసుకున్నాను కాబట్టి తెలుసు, కావలసినవి రెండే. చేతులకు పని నేర్పేది ఒకటి, నోటిమాటని అదుపులో పెట్టేది ఒకటి. ఫలానాది తింటే గడ్డ కరుగుతుందనే పుస్తకాల్ని తెరవకుండానే పక్కన పెట్టండి.

మొదటి పుస్తకాన్ని ఎంచుకోవడం తేలికే. ముద్రించిన సంవత్సరం చూడండి. పదేళ్లు దాటితే వద్దు, ఎందుకంటే మందులు మారిపోయాయి. మామూలు గృహవైద్యం పుస్తకం కాకుండా కీమో రోగుల కోసమే రాసిందై ఉండాలి. అమెరికాలోని నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ‘కీమోథెరపీ అండ్ యూ’ చిన్న పుస్తకమే, వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. లావుపాటి పుస్తకాలకంటే నాకు అదే నయం. రాత్రి రెండింటికి నాలుగు వందల పేజీలు ఎవరు తిరగేస్తారు?

కొనే ముందు ఒక్క పరీక్ష పెట్టండి. జ్వరం గురించి రాసిన పేజీ తీయండి. ఎంత జ్వరం వస్తే ఫోన్ చేయాలో అంకె వేసి చెప్పిందా? డాక్టర్ని అడగకుండా పారాసిటమాల్ వేయొద్దని చెప్పిందా? ఈ రెండూ లేకపోతే ఆ పుస్తకంలో మిగతాది ఎంత బాగున్నా నాకు అక్కర్లేదు. ‘జ్వరానికి తడిగుడ్డ వేసి, మాత్ర ఇచ్చి, ఉదయం దాకా చూడండి’ అన్న పుస్తకమైతే మీ ఇంట్లో ఉండనే కూడదు.

అందరూ పాడు చేసే పని దీని తర్వాత వస్తుంది. పుస్తకం చదివి, అర్థమైందనుకుని, మూసేస్తారు. అది రాసినవాళ్లకు మీ మనిషికి ఎక్కిస్తున్న మందేమిటో తెలియదు. అందుకే జ్వరం పేజీని మీ చేత్తో ఒక కాగితం మీదకు దింపి, కీమో ఎక్కించే నర్సు చేత దిద్దించుకోవాలి.

ఇంత జాగ్రత్త ఎందుకో చెప్తాను. చాలా కీమో మందులు రక్తంలోని తెల్లకణాల్ని పడగొడతాయి. మందు ఎక్కించిన తర్వాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య అవి బాగా అడుగుకి దిగుతాయి. మామూలు మనిషికి ఇన్ఫెక్షన్ సోకితే వాపు, ఎరుపు, చీము కనబడతాయి. అవన్నీ తెల్లకణాలు చేసే హడావుడే. ఆ కణాలే లేనప్పుడు జ్వరం ఒక్కటే ఆనవాలు. మాత్ర వేసి దాన్ని దించేస్తే ఉన్న ఒక్క ఆనవాలూ చెరిగిపోతుంది, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం గంటల్లో రక్తంలోకి పాకుతుంది. ఇలాంటి రోగి ఆసుపత్రికి చేరిన గంటలోపే యాంటీబయాటిక్ పడాలని డాక్టర్లు చూస్తారు.

కాగితం మీద మొదట అంకె రాయండి. చాలాచోట్ల అది 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్. కొందరు డాక్టర్లు 101 దాటితే వెంటనే, 100.4 అయితే గంటసేపు నిలిస్తే అంటారు. పుస్తకంలోది కాదు, మీ డాక్టరు చెప్పిన అంకే రాయండి. దాని కింద థర్మామీటర్ ఎక్కడ పెట్టాలో రాయండి. చంకలో పెడితే తక్కువ చూపిస్తుంది, అందుకని నోట్లో పెట్టడమే నా పద్ధతి. వేడిదో చల్లదో తాగి ఉంటే అరగంట ఆగాలి. మలద్వారంలో మాత్రం పెట్టకండి, అక్కడ చిన్న గీత పడినా ఇన్ఫెక్షన్‌కి దారి ఇచ్చినట్టే.

తర్వాత రాయాల్సింది చాలామంది వదిలేస్తారు. జ్వరం లేకపోయినా వణుకు వస్తే, మాట తడబడితే, ఒళ్లు మరీ చల్లబడితే కూడా ఫోన్ చేయాలి. వాంతులు రాకుండా స్టెరాయిడ్ ఇస్తుంటే అది జ్వరాన్ని అణచిపెట్టగలదు. ఈ సంగతి నర్సుని విడిగా అడగండి.

చివర్లో రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు, మందు పేరు, ఆఖరి డోసు తేదీ. ఆ నంబరుకి ఒకసారి రాత్రి ఫోన్ చేసి ఎవరు ఎత్తుతారో చూసుకోండి. నేను పగలు చేసి చూసి సరేననుకున్నాను. అసలు రాత్రి అది మోగుతూనే ఉంది.

అక్కకి మూడో సైకిల్, అంటే మూడో విడత కీమో, అయిన తొమ్మిదో రోజు అది. రాత్రి ఒకటీ నలభైకి ‘చలిగా ఉందిరా’ అంది. 100.6. బావ అప్పటికే మాత్ర చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, అటక మీది పుస్తకంలో చదివాట్ట. నేను కాగితం తీశాను. మొదటి నంబరు మోగుతూనే ఉంది, రెండోది ఎత్తారు. కాగితం చూసి చదివాను: “కీమో పేషెంట్, మూడో సైకిల్ అయ్యి తొమ్మిదో రోజు, జ్వరం 100.6, వణుకు ఉంది, మాత్ర ఏమీ వేయలేదు.” అటువైపు మనిషి ఇంకో ప్రశ్న వేయలేదు. వెంటనే తీసుకురమ్మంది. రక్తపరీక్షలో తెల్లకణాలు బాగా పడిపోయి ఉన్నాయి. ఐదు రోజులుండి ఇంటికొచ్చాం.

మందు మారినప్పుడల్లా పాత కాగితం చించి కొత్తది రాయండి. ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకు ఉసిగొల్పే ఇమ్యునోథెరపీకి మారితే లెక్కే వేరు. అక్కడ నీళ్ల విరేచనాలు, దగ్గు, ఆయాసం కూడా ఫోన్ చేయాల్సిన సంగతులే. విరేచనాలు ఆగడానికి ఇంట్లో ఉన్న మాత్ర అడక్కుండా వేయకూడదు.

ఇక రెండో పుస్తకం. కరుణ గురించి బోలెడు రాశారు, నేను ఇప్పటికీ తిరగేసేది ఫ్లోరెన్స్ నైటింగేల్ ‘నోట్స్ ఆన్ నర్సింగ్’. 1859 నాటిది. నర్సుల పాఠ్యపుస్తకం కాదు, ఇంట్లో రోగిని చూసుకునే ఆడవాళ్ల కోసం ఆవిడ రాసింది. పదేళ్లు దాటితే వద్దన్నది నేనేగా అంటారేమో. అది మందుల సంగతికి. ఇందులో వైద్యం భాగం వదిలేయండి, అప్పటికి సూక్ష్మక్రిముల సంగతే స్థిరపడలేదు. వట్టి ఆశలు, ఉచిత సలహాల మీద ఒక అధ్యాయం ఉంది, అది చాలు. ‘నీకేం కాదు, తగ్గిపోతుంది’ అని చెప్పి వెళ్లేవాళ్ల వల్ల రోగి ఎంత అలసిపోతాడో అందులో ఉంది. తన భయం చెప్పుకోబోతే నోరు మూయించినట్టే కదా.

దీన్ని రోగికి చదివి వినిపించకండి. చదవాల్సింది మీరు, అదీ రోజుకి రెండు పేజీలే. చదివినదాంట్లోంచి ఒక్క పని తీసి ఆ వారమంతా చేయండి. నేను మొదట తీసుకున్నది కుర్చీ సంగతి. రోగి తల తిప్పకుండానే కనబడేచోట కూర్చోమంటుంది ఆవిడ, గుమ్మంలో నిలబడి మాట్లాడొద్దంటుంది. ‘ఎలా ఉంది?’ అని గంటకోసారి అడగడం అదే వారం మానేశాను. ‘నోరు మండుతోందా, నిన్నటికంటే తక్కువా?’ అంటే జవాబు చెప్పడం అక్కకీ తేలిక, కాగితం మీద రాసుకోవడం నాకూ తేలిక.

ఆసుపత్రిలో ఆ ఐదు రోజులూ కుర్చీ అక్క కాళ్లవైపు, కిటికీ పక్కన వేసుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం, నేను ఏమీ అడక్కుండానే, ‘ఆ రాత్రి చాలా భయమేసిందిరా’ అంది. నేను ‘ఊఁ’ అన్నాను.