హైవే గెజిట్‌లో మీ సర్వే నంబరు వచ్చిందా? ముందు సెక్షన్ చూడండి, తర్వాత తేదీ

నల్లగొండలో దరఖాస్తులు, అభ్యంతర పత్రాలు రాసిపెట్టే పనిలో ఏళ్లుగా ఉన్నాను. 65వ నంబరు హైవే వెంట ఊళ్ల నుంచి వచ్చేవాళ్లూ, పాలమూరు వైపు 44, 167 రోడ్ల పక్కన భూములున్నవాళ్లూ ఒకే తీరుగా వస్తారు. చేతిలో ఫోను, ఫోనులో ఎవరో పంపిన ఫొటో, అందులో తమ సర్వే నంబరు మీద వేలు. "సారూ, గెజిట్ల పేరెక్కింది, భూమి పోయినట్టేనా?" అని అడుగుతారు. ఆ ఫొటోలో ఉండేది షెడ్యూలు ఒక్కటే, అంటే గెజిట్‌లో చివరి పేజీలు. భూమి పోయిందో లేదో చెప్పే వాక్యం మొదటి పేజీలో ఉంటుంది. దాన్ని ఎవరూ ఫొటో తియ్యరు.

అందుకే గెజిట్ చదవడం ఎలాగో హైవే భూసేకరణ నోటిఫికేషన్‌నే పట్టుకుని చెబుతాను. ఇది చదవడం వస్తే జీవో చదవడమూ వస్తుంది.

అసలు కాపీ తెచ్చుకోండి

egazette.gov.in లో మంత్రిత్వ శాఖ పేరు, తేదీలు ఇచ్చి వెతికితే దొరుకుతుంది. రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖను ఎంచుకోండి. గెజిట్‌లో ముందు హిందీ, తర్వాత ఇంగ్లీషు ఉంటాయి. ఇంగ్లీషు మొదలయ్యే పేజీ నుంచి చివరిదాకా కాగితం మీద ప్రింటు తియ్యండి. ఫోనులో చదవొద్దు. ఒక ఎర్ర పెన్ను చాలు.

పీఠిక: ‘నౌ, దేర్‌ఫోర్’ దాకా గీత పెట్టొద్దు

కొన్ని నోటిఫికేషన్లు ‘వేరాజ్’ అన్న మాటతో మొదలవుతాయి. ఫలానా తేదీన ఫలానా నోటిఫికేషన్ ఇచ్చాం, ఫలానా పత్రికల్లో వేయించాం, అభ్యంతరాలు వచ్చాయి, విన్నాం, తోసిపుచ్చాం అని ఒక్కో ‘వేరాజ్’ కింద ఒక్కో సంగతి రాస్తారు. ఇదంతా జరిగిపోయిన కథ. ఇందులో ఆజ్ఞ ఏమీ ఉండదు. ‘నౌ, దేర్‌ఫోర్’ అన్న మాట దగ్గర కథ ముగుస్తుంది, హుకుం మొదలవుతుంది. ఆ మాట చుట్టూ సున్నా చుట్టండి. కథ పనికిరానిదని కాదు. మీరిచ్చిన అభ్యంతరం విన్నామని అందులో రాసి ఉంటే, నిజంగా విన్నారో లేదో మీకే తెలుసు. రేపు వకీలు దగ్గరికి వెళ్తే ఆయన మొదట చదివేది ఆ పేరానే.

అధికారం ఇచ్చిన సెక్షన్: ఇక్కడే అందరూ బోర్లా పడతారు

‘ఇన్ ఎక్సర్‌సైజ్ ఆఫ్ ది పవర్స్ కన్‌ఫర్డ్ బై’ అన్న మాటల తర్వాత ఒక సెక్షన్ నంబరు వస్తుంది. జాతీయ రహదారుల చట్టం, 1956లోని ఆ సెక్షన్ ఇచ్చిన అధికారంతో ఈ పని చేస్తున్నాం అని దాని అర్థం. ఆ నంబరు కింద రెండు గీతలు పెట్టండి. మొత్తం కాగితం ఏమి చేయగలదు, ఏమి చేయలేదు అన్నది ఆ ఒక్క నంబరు మీదే ఆధారపడి ఉంటుంది. దీన్ని మూడుసార్లు చదవాలి, అది కూడా పైకి చదవాలి. ఎందుకంటే రెండు సెక్షన్లు వినడానికి ఒకేలా ఉంటాయి.

ఒకటి సెక్షన్ 3లో చిన్న అక్షరం ‘ఏ’. ఆఫీసుల్లో దీన్ని ‘త్రీ స్మాల్ ఏ’ అంటారు. దీని కింద వచ్చే నోటిఫికేషన్ భూసేకరణ పనికి ఒక అధికారిని నియమిస్తుంది, అంతే. ఊరి పేర్లు, మండలం పేరు కనబడతాయి కాబట్టి జనం బెదిరిపోతారు. ఈ కాగితంతో మీ భూమికి ఏమీ కాలేదు. అభ్యంతరం చెప్పే గడువు కూడా మొదలు కాలేదు.

రెండోది ‘త్రీ క్యాపిటల్ ఏ’. ఇకమీద 3ఏ అని నేను రాసేది దీన్నే. ఇక్కడ ప్రభుత్వం ‘ఈ భూమి సేకరించాలని ఉద్దేశిస్తున్నాం’ అని ప్రకటిస్తుంది. ఇది ఉద్దేశం మాత్రమే. భూమి ఇంకా మీదే, పట్టా మీదే. కానీ గడియారం మొదలైంది. సెక్షన్ 3సీ ప్రకారం అభ్యంతరం చెప్పడానికి 21 రోజులు ఉంటాయి.

మూడోది 3డి. ‘వేరాజ్’లు ఎక్కువగా కనబడేది ఇందులోనే. దీని రెండో ఉపసెక్షన్ ప్రకారం గెజిట్‌లో అచ్చయిన క్షణం నుంచి ఆ భూమి ఏ భారమూ లేకుండా కేంద్ర ప్రభుత్వానికి దఖలు పడుతుంది. పైసా చేతికి రాకపోయినా, ట్రాక్టరు ఇంకా మీ చెలకలో తిరుగుతున్నా యాజమాన్యం మారిపోయింది. ఆ తర్వాత మాట్లాడాల్సింది పరిహారం గురించి.

సర్వే నంబర్ల పట్టిక 3ఏ లోనూ ఉంటుంది, 3డి లోనూ ఉంటుంది, చూడ్డానికి అచ్చం ఒకేలా. అందుకే ఫొటో చూసి "పోయింది" అనడమూ తప్పే, "ఏం కాలేదు" అనడమూ తప్పే. షెడ్యూలు ముందు చదవమని యూట్యూబులో చెప్పేవాళ్లతో నాకు పడదు. మీ నంబరు కనబడ్డాక గుండె జారిపోతుంది, ఇక మొదటి పేజీ మీద మనసు నిలవదు. సెక్షన్ మీద గీత పడేదాకా చివరి పేజీలు నా బల్ల మీద బోర్లించి పెడతాను.

హుకుం

సెక్షన్ తర్వాత ‘హియర్‌బై’ అన్న మాట వెతకండి, దాని వెంటే క్రియ ఉంటుంది. ‘హియర్‌బై డిక్లేర్స్ ఇట్స్ ఇంటెన్షన్’ అంటే 3ఏ. ‘షల్ వెస్ట్ అబ్సల్యూట్లీ’ అంటే 3డి. 3ఏ అయితే ఆ కింది పేరాల్లో అభ్యంతరం ఎవరికి ఇవ్వాలో హోదాతో సహా రాసి ఉంటుంది. అది చదవకుండా ఎమ్మార్వోకూ కలెక్టరుకూ అర్జీలు పెట్టి తిరిగేవాళ్లను చాలామందిని చూశాను. అభ్యంతరం భూమిని రోడ్డుకు వాడటం మీద ఉండాలి. రేటు తక్కువన్న మాట పరిహారం తేల్చే సెక్షన్ 3జీ దగ్గర వస్తుంది, ఇక్కడ కాదు.

అమల్లోకి వచ్చే తేదీ: నాలుగు తేదీల్లో ఏది?

ఒక రైతు కాగితాలు తెచ్చాడు. 3ఏ నోటిఫికేషన్, నాలుగు గుంటల మీద ఉన్న బోరు పోతోంది. నోటిఫికేషన్ మొదట్లో ‘న్యూఢిల్లీ, మార్చి 1’ అని ఉంది. గెజిట్ పైభాగంలో, మాస్ట్‌హెడ్ కింద, మార్చి 4. పేజీ అంచున `CG-DL-E-` తో మొదలయ్యే గుర్తింపు నంబరులో ఎనిమిది అంకెలు మార్చి 5ను చూపుతున్నాయి. తెలుగు పేపరులో ప్రకటన మార్చి 20న పడింది. నాలుగు తేదీలు!

ఆయన పేపరు తేదీ నుంచి లెక్కపెట్టుకుని ఏప్రిల్ 10 దాకా టైముందనుకున్నాడు. ఏప్రిల్ 4న అభ్యంతరం ఇస్తే, గడువు దాటిందని తిప్పి పంపారు. నా దగ్గరికి అప్పుడొచ్చాడు.

మార్చి 1 అనేది మంత్రిత్వ శాఖలో సంతకం అయిన రోజు. సంతకం అయిన కాగితం ఫైల్లో ఉన్నంతవరకు మీకు వర్తించదు. పేపరులో ప్రకటన వేయాలని 3ఏ లోనే ఉంది, రెండు స్థానిక పత్రికల్లో, అందులో ఒకటి స్థానిక భాషలో. కానీ 21 రోజుల లెక్కను 3సీ పేపరుకు ముడిపెట్టలేదు, నోటిఫికేషన్ ప్రచురణకు ముడిపెట్టింది. ప్రచురణ అంటే గెజిట్‌లో ప్రచురణ. ఇక మిగిలింది మార్చి 4, మార్చి 5.

ఈ రెండింటి తేడా చిన్నదనుకోవద్దు. 2019 ఫిబ్రవరి 16న పాకిస్తాన్ సరుకుల మీద 200 శాతం సుంకం వేస్తూ కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. అది ఈ-గెజిట్‌లో ఎక్కింది రాత్రి 8 గంటల 46 నిమిషాలకు. అదే రోజు అంతకుముందే అట్టారీ సరిహద్దులో కాగితాలు దాఖలు చేసిన వ్యాపారులు కొత్త సుంకం మాకు వర్తించదన్నారు. 2020లో సుప్రీంకోర్టు వాళ్ల మాటే నిలబెట్టింది. ఎలక్ట్రానిక్ గెజిట్‌లో అప్‌లోడ్ అయిన సమయం నుంచే నోటిఫికేషన్‌కు ప్రాణం అని చెప్పింది. కాబట్టి అంచున ఉన్న ఆ గుర్తింపు నంబరు ఉత్త అలంకారం కాదు, అప్‌లోడ్ తేదీకి సాక్ష్యం.

అయినా నా నియమం ఒకటే. గెజిట్ తేదీల్లో ముందున్న దాని నుంచి లెక్కపెట్టి ఆ గడువులోపు ఇచ్చెయ్యండి. ఆలస్యమైపోయాకే అప్‌లోడ్ తేదీ పట్టుకుని వాదించండి. లెక్కలో మొదటి రోజును కలపకూడదు, జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 9 అదే చెబుతుంది. మార్చి 4ను వదిలేస్తే మొదటి రోజు మార్చి 5, ఇరవై ఒకటో రోజు మార్చి 25. ఆ రోజు ఆఫీసుకు సెలవైతే, సెక్షన్ 10 ప్రకారం మళ్లీ తెరిచిన రోజు ఇచ్చినా చెల్లుతుంది. గెజిట్ పైన పక్కనే ఫాల్గుణం అంటూ శక సంవత్సరం తేదీ కూడా ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

3ఏ గెజిట్ తేదీని కాగితం పైన పెద్దగా రాసి దాచుకోండి. దాని నుంచి ఏడాదిలోపు 3డి అచ్చు కాకపోతే, మధ్యలో కోర్టు స్టే ఏదీ లేకపోతే, ఆ 3ఏ చెల్లకుండా పోతుంది. మంత్రిత్వ శాఖ సంతకం తేదీ రాసుకున్నవాళ్లకు ఈ లెక్క కూడా తప్పుతుంది.

జీవో అయితే

ఇదే పద్ధతి. పైన ‘అబ్‌స్ట్రాక్ట్’ అని నాలుగు లైన్లు ఉంటాయి. అది పేరు మాత్రమే, ఆజ్ఞ కాదు. దాని కింద ‘రెడ్ ది ఫాలోయింగ్’ జాబితా, అందులో ఉన్న పాత జీవోలు తీయకపోతే సగం అర్థం కాదు. ‘ఆర్డర్’ కింద అంకెలు వేసిన పేరాల్లో మొదటి రెండు మూడు కథే, ‘హియర్‌బై ఆర్డర్’ దగ్గర హుకుం.

నారాయణపేట జిల్లా సంగతి చూడండి. మహబూబ్‌నగర్ నుంచి విడదీస్తూ ఉత్తర్వు వచ్చింది 2019 ఫిబ్రవరి 16న, జిల్లా అమల్లోకి వచ్చింది 17న. జిల్లాల ఏర్పాటు చట్టం, 1974లో సెక్షన్ 3 కింద ముందు ముసాయిదా ఇచ్చి అభ్యంతరాలు పిలవాలి, ఆ తర్వాతే తుది నోటిఫికేషన్. ముసాయిదా కాగితం పట్టుకుని జిల్లా వచ్చేసిందన్నవాళ్లు, 3ఏ చూసి భూమి పోయిందన్నవాళ్లలాగే, సెక్షన్ వాక్యాన్ని దాటేసి చదివినవాళ్లే. జీవోలో ‘విత్ ఎఫెక్ట్ ఫ్రమ్’ అన్న మాట ఉంటే ఆ తేదీ, లేకపోతే మామూలుగా జారీ అయిన తేదీ.

ఇప్పుడు షెడ్యూలు తిప్పండి

విస్తీర్ణం హెక్టార్లలో గానీ చదరపు మీటర్లలో గానీ ఉంటుంది. ఒక గుంట దాదాపు 101 చదరపు మీటర్లు. 0.2530 హెక్టారు అని ఉంటే 2,530 చదరపు మీటర్లు, అంటే 25 గుంటలు. పాసుపుస్తకంలో సర్వే నంబరు పక్కన అక్షరం ఉంటే, షెడ్యూలులోనూ అదే అక్షరం ఉందో లేదో చూడండి. 214 వేరు, 214/ఆ వేరు. పక్కవాడి ఉపవిభాగం మీ పేరు మీద అచ్చయి ఉంటే అభ్యంతరంలో మొదటి పేరా అదే కావాలి. ఇచ్చేటప్పుడు రెండు కాపీలు తీసుకెళ్లండి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకునేదాకా కౌంటరు దగ్గర నుంచి కదలొద్దు.