బొబ్బిలి వీణ పట్టుకున్న పాత్ర: రెప్ప, చూపు, ఊపిరి

ఈ యానిమేషన్ పాత్ర బొబ్బిలి వీణ పట్టుకుని ఊరికే కూర్చుని ఉంటుంది. ఊరికే ఉన్నప్పుడు నడిచే ఈ ఐడిల్ కదలికలో రెండు తప్పులు కనిపించాయి: రెప్పలు సరిగ్గా 4 సెకన్లకోసారి పడేవి, ఊపిరి తీసినప్పుడల్లా వేళ్లు తీగల మీంచి లేచేవి.

వేళ్ల సంగతికి కారణం లేయర్ల వరుస. చేతులను తీగల మీద నిలిపే ఐకే ముందు, ఊపిరి తర్వాత నడిచేవి. ఛాతీ కదిలితే భుజం, దానితో చెయ్యీ కదులుతాయి. అప్పటికే ఐకే పని అయిపోయింది. ఊపిరిని అడిటివ్ లేయర్‌గా ముందుకు తెచ్చి ఐకేని చివర పెట్టగానే వేళ్లు కుదురుకున్నాయి. వెన్ను పైభాగానికి 1 డిగ్రీ చాలు, నిమిషానికి 14 సార్లు. నడుము ఎముకకు ఇస్తే మనిషంతా ఊగుతాడు.

కళ్ల దగ్గరే ఎక్కువ తంటా. రెప్పల వ్యవధిని 2 నుంచి 6 సెకన్ల మధ్య మారుస్తూ పోయినా బొమ్మలాగే ఉంది, ఎందుకంటే చూపుది ఒక దారి, రెప్పది ఒక దారి. మనిషి చూపు బాగా మళ్లించినప్పుడు తరచూ రెప్ప కూడా వేస్తాడు. ఆ రెండింటినీ ఇలా ముడివేశాను:

```
if (abs(dartAngle) > 15 && random() < 0.6) {
    blink();
    nextBlink = now + randRange(2, 6);
}
```

చివరి వరుస మరిచిపోతే వెంటవెంటనే రెండు రెప్పలు పడతాయి. 1–3 డిగ్రీల చిన్న చూపులకు రెప్ప వద్దు. అవి 0.05 సెకన్లలోపు ఒక్క గెంతులో మారాలి. మెల్లగా జరిపితే పాత్ర మత్తులో ఉన్నట్టుంటుంది. రెప్ప మూయడానికి 0.1 సెకను, తెరవడానికి 0.2. చూపు తీగల మీదికి దిగితే పై రెప్ప కూడా దానితో దిగాలి, లేకపోతే నల్లగుడ్డు పైన తెలుపు కనబడి బెదిరిన ముఖమవుతుంది.