ఆఫర్ లెటర్ మీద సంతకానికి ముందు

శ్రీసిటీ, రేణిగుంట వైపు ఆఫర్లు అందుకుంటున్న తిరుపతి పిల్లలూ, ఇవి చూసుకోండి.

- "ఎట్ మేనేజ్‌మెంట్స్ డిస్క్రిషన్" అంటే కంపెనీ ఇష్టమైతేనే ఇస్తుందని, ఆ డబ్బును జీతంలో కలపొద్దు. ప్యాకేజీ 4,80,000, అందులో 96,000 ఇలాంటి వేరియబుల్ అనుకోండి, అది ఇవ్వకపోయినా లెటర్ ప్రకారం అడగడం కష్టం కాబట్టి నెలకు 40,000 కాదు, 32,000 అనే లెక్కేసుకోండి, అదీ పీఎఫ్ కోతకు ముందు. బైక్ ఈఎంఐ దీన్నిబట్టే.

- "ఆరు నెలల తర్వాత సబ్జెక్ట్ టు రివ్యూ" అంటే చూస్తామనే, పెంచుతామని కాదు. ఎంత, ఏ తేదీ నుంచి అని మెయిల్‌లో అడగండి.

- ప్రొబేషన్ గడువు దాటగానే పర్మనెంట్ అనుకోవద్దు. "రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేసేవరకు" అని ఉందేమో చూడండి.

- హెచ్ఆర్ ఫోన్లో "అందరికీ ఇస్తామండీ" అంటే (అంటారు!) అదే ముక్క మెయిల్ చేయమనండి. ఈ లెటరే పూర్తి ఒప్పందం అనే లైను చివర్లో ఉంటే ఫోన్ మాట నిలవదు.