సంతాప కార్డు ఆఫీసులో తిప్పే ముందు

బెంగళూరు ఆఫీసులో తోటి ఉద్యోగి తండ్రి పోయారు, ఆ ఉద్యోగి అనంతపురం వైపు సొంతూరికి వెళ్లారు అనుకుందాం.

• పోయినవారి పేరు, వరుస ఇంటి మనిషినే అడిగి రూఢి చేసుకోండి. కబురు నలుగురు దాటేసరికి మామగారు తండ్రి అయిపోతారు. కార్డులో పడ్డ ఆ తప్పు ఆ ఇంట్లో ఏళ్లతరబడి ఉంటుంది.

• సంతకాలకు ముందే మధ్యలో అసలు మాట రాయండి. ఖాళీ కార్డు ఇస్తే మొదటివారు రాసిందే అందరూ రాస్తారు. ఇంట్లో అమ్మగారు కూడా చదువుతారు కాబట్టి తెలుగులోనే, ఇంత చాలు: "మీ నాన్నగారు లేరన్న వార్త మమ్మల్ని చాలా బాధించింది. ఇక్కడి పని మేం చూసుకుంటాం. మీరు అమ్మగారి దగ్గర ఉండండి." పని చూసుకునేది ఎవరో తేల్చుకున్నాకే ఆ రెండో వాక్యం రాయండి.

• "పెద్ద వయసే కదా", "అంతా దైవేచ్ఛ" వద్దు. దుఃఖాన్ని తూకం వేసినట్లుంటుంది. కుటుంబ మతం తెలియకపోతే ప్రార్థన వాక్యాలూ వద్దు.

• కార్డు ఒక్కరి దగ్గరే ఉండాలి, కవరులో. బల్లల మీద వదిలితే ఎక్కడో ఆగిపోతుంది. ఇంటి నుంచి పనిచేసేవారి మాటను వారి పేరుతో రాయండి, సంతకం మాత్రం అనుకరించకండి.

• చందా జాబితా దీనితో తిప్పకండి. డబ్బు ఇవ్వలేనివారు సంతకానికీ వెనకాడతారు.

• సోమవారం మరణమైతే పదకొండో రోజు ఆ పై వారం గురువారం అవుతుంది. కార్డు ఆలోపు అందేలా, మరణం జరిగిన వారంలోనే బుధ, గురువారాల్లో సంతకాలు ముగించి శుక్రవారం స్పీడ్ పోస్టు చేయండి. చిరునామాలో మండలం, పిన్‌కోడ్, ఊళ్లో ఉన్నవారి ఫోను నంబరు రాయండి.